118 ఫుట్‌నోట్లున్న చరిత్ర వ్యాసాన్ని సామాజిక శాస్త్ర జర్నల్ పద్ధతిలోకి మార్చడం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పంతొమ్మిదో శతాబ్దపు కార్మికుల పరస్పర సహాయ సంఘాల మీద రాసిన వ్యాసం ఇది. రచయిత్రి చరిత్రకారిణి. చరిత్ర పత్రికను దృష్టిలో పెట్టుకుని చికాగో ఫుట్‌నోట్ పద్ధతిలో రాశారు. తర్వాత అదే వ్యాసాన్ని, అపరిచితుల మధ్య నమ్మకం ఎలా ఏర్పడుతుందన్న కోణంలో, ఒక సామాజిక శాస్త్ర జర్నల్‌కు పంపాలనుకున్నారు. ఆ జర్నల్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి, అంటే ఏపీఏ, ఏడో ఎడిషన్‌ను పాటిస్తుంది. అందులో ఆధారాన్ని ఫుట్‌నోట్లో కాకుండా వాక్యంలోనే బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరంతో చూపి, పూర్తి వివరాన్ని చివరి జాబితాలో ఇస్తారు. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. పరిశోధకుల పేర్లు చెప్పాల్సిన చోట క, గ అని రాస్తున్నాను.

అసలు వ్యాసం 8,200 పదాలు. ఫుట్‌నోట్లు 118, వాటిలో మరో 3,600 పదాలు. విడిగా ఆధారాల జాబితా లేదు. ఒక గ్రంథం మొదటిసారి వచ్చినప్పుడు దాని పూర్తి వివరం ఫుట్‌నోట్లోనే ఇచ్చి, తర్వాత కుదించిన రూపం వాడారు. జర్నల్ పరిమితి 11,000 పదాలు. ఆధారాల జాబితా, నోట్లు అన్నీ అందులోనే. ఫుట్‌నోట్లు పూర్తిగా నిషేధం కాదు గానీ, "అనివార్యమైతేనే" అని రచయితల సూచనల్లో ఉంది.

వచ్చిన సమస్య

మొత్తం 11,800 పదాలు, పరిమితి 11,000. ఫుట్‌నోట్లు పోతే 3,600 పదాలు తగ్గుతాయి కాబట్టి లెక్క సరిపోతుందని రచయిత్రి అనుకున్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు, ఇక్కడే దెబ్బ తింటారు. ఫుట్‌నోట్లోంచి తీసేసిన గ్రంథ వివరం ఎక్కడికీ పోదు, ఆధారాల జాబితాలోకి వెళ్తుంది. ఇక్కడ 96 ఆధారాలకు జాబితా వేస్తే దాదాపు 2,600 పదాలయ్యాయి. వాక్యాల మధ్య చేరే బ్రాకెట్లకు ఇంకో 450. వ్యాఖ్యలున్న నోట్లలోని 1,500 పదాల్ని కూడా వ్యాసంలోకి ఎక్కిస్తే మొత్తం 12,750 అవుతుంది. అంటే ఉన్నదున్నట్టు మారిస్తే వ్యాసం తగ్గకపోగా 950 పదాలు పెరుగుతుంది.

అందుకే దీన్ని ఫార్మాటింగ్ పనిగా చూడటం కుదరలేదు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న నిర్ణయం ముందు జరగాలి, బ్రాకెట్లు తర్వాత.

మొదట ప్రయత్నించినవి, విఫలమైనవి

రచయిత్రి మొదట, ఆధారాల్ని చొప్పించే సాఫ్ట్‌వేర్ జొటెరోలో స్టైల్ మార్చి చూశారు. కొన్ని నోట్లు తప్ప ఏదీ మారలేదు. కారణం సులువే: జొటెరో తాను చొప్పించిన ఫీల్డ్‌లను మాత్రమే గుర్తిస్తుంది, చేత్తో టైప్ చేసిన నోటు దానికి మామూలు అక్షరాలతో సమానం. ఒక నోటు ఏ రకమో తెలుసుకోవాలంటే దాని మీద క్లిక్ చేయాలి. వెనక బూడిద రంగు పరుచుకుంటే ఫీల్డ్, లేకపోతే చేతి టైపు. (వర్డ్ సెట్టింగుల్లో ఫీల్డ్ షేడింగ్ ఆన్‌లో ఉండాలి.) మారిన ఆ కొన్నింట్లోనూ బ్రాకెట్ ఫుల్‌స్టాప్ తర్వాత పడింది. ఫుట్‌నోట్ అంకె ఫుల్‌స్టాప్ దాటాక ఉంటుంది, రచయిత-సంవత్సరం బ్రాకెట్ ఫుల్‌స్టాప్‌కు ముందు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అంకె ఉన్న చోటే బ్రాకెట్ పెడుతుంది, కాబట్టి దీన్ని చేత్తో సరిచేయక తప్పదు.

తర్వాత మొదటి పేజీ నుంచి వరుసగా ఒక్కో నోటు తీసి బ్రాకెట్ పెట్టుకుంటూ వచ్చారు. ఇరవై నోట్లు దాటేసరికి పని గజిబిజి అయింది. ఒక నోటు తీసేయగానే వర్డ్ మిగతావాటి అంకెలన్నీ మార్చేస్తుంది. చేతిలో ఉన్న పాత ప్రింటులో 37గా కనిపించేది తెర మీద 16 అయింది. అంతకంటే పెద్ద నష్టం "ఇబిడ్." నోట్ల దగ్గర జరిగింది. ఇబిడ్ అంటే పై నోటులోని ఆధారమే అని అర్థం. పై నోటు తీసేస్తే ఇబిడ్ ఇంకో ఆధారానికి అతుక్కుంటుంది. ఎర్రర్ ఏదీ రాదు. వాక్యం చదివితే సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది.

అక్కడితో ఆపి, అసలు ఫైలును మళ్లీ తెరిచి మొదటి నుంచి చేశాం.

పనిచేసిన పద్ధతి: ముందు గుర్తులు, తర్వాత ఇబిడ్

ఏ నోటునూ ముట్టుకోకముందే ప్రతి అంకె పక్కన మారని గుర్తు ఒకటి వేశాం. ఆ తర్వాత అంకెలు ఎంత జారినా ఇబ్బంది లేదు. దీనికి వర్డ్‌లో చిన్న మ్యాక్రో చాలు:

```
Sub TagNotes()
  Dim i As Long
  With ActiveDocument
    For i = .Footnotes.Count To 1 Step -1
      .Footnotes(i).Reference.InsertAfter _
        "[[F" & Format(i, "000") & "]]"
    Next
  End With
End Sub
```

గుర్తులు ఫుట్‌నోట్ అంకెలాగే చిన్నగా, పైకెత్తినట్టు పడొచ్చు. ఎలాగూ చివరికి పోయేవే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. తర్వాత నోట్లన్నీ ఒక పట్టికలోకి కాపీ చేశాం. నాలుగు గడులు: గుర్తు, నోటు పాఠం, రకం, నిర్ణయం. కాపీ చేసేటప్పుడు ఇటాలిక్స్ పోకుండా చూసుకోవాలి. పాత నోట్లలో ఏది పుస్తకం పేరో ఏది వ్యాసం పేరో కొన్నిసార్లు ఇటాలిక్స్ ఒక్కటే చెబుతుంది.

పట్టికలో మొదట తేల్చింది ఇబిడ్ నోట్లనే. అలాంటివి 19. వరుస చెదరకుండా ఉన్నప్పుడే వాటి అర్థం దొరుకుతుంది కాబట్టి ఈ పని వాయిదా వేయకూడదు. ప్రతి ఇబిడ్ స్థానంలో పూర్తి రచయిత పేరు, సంవత్సరం, పేజీ రాసుకున్నాం. పద్నాలుగు వెంటనే తేలాయి. మిగతా ఐదింటి పై నోట్లో రెండు మూడు ఆధారాలున్నాయి, ఇబిడ్ దేన్ని సూచిస్తోందో తెలియదు. అక్కడ పేజీ అంకె సాయపడింది. ఉదాహరణకు పై నోట్లో ఒక పుస్తకం, ఒక జర్నల్ వ్యాసం ఉన్నాయి. వ్యాసం 211 నుంచి 238 పేజీల వరకు ఉంది. ఇబిడ్‌లో ఉన్నది 64వ పేజీ. అది వ్యాసం అయ్యే అవకాశమే లేదు. ఇలా తేలని రెండింటికి రచయిత్రి పుస్తకం తెరిచి చూడాల్సి వచ్చింది. చికాగో మాన్యువల్ 2017లో వచ్చిన పదిహేడో ఎడిషన్ నుంచే ఇబిడ్ కంటే కుదించిన పేరు మేలని చెబుతోంది. ఇబిడ్‌తో పెద్దగా చోటు ఆదా కాదు, ఒక్కో నోటునూ విడిగా చూపే ఎలక్ట్రానిక్ రూపాల్లో అది పాఠకుణ్ని అయోమయంలో పడేస్తుంది అన్నవి అది చెప్పే కారణాలు.

ఇబిడ్ తేలాక నోట్లు నాలుగు రకాలుగా విడిపోయాయి. ఇబిడ్‌లతో కలిపి ఒకే ఆధారాన్ని చూపేవి 60. చాలా ఆధారాల్ని గుదిగుచ్చినవి 23. ఆర్కైవ్ పత్రాలవి 21. వ్యాఖ్య, వాదన ఉన్నవి 14. మొదటి రకం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క నిర్ణయం తప్ప. ఏపీఏ నేరుగా ఉటంకించినప్పుడే పేజీ అంకె తప్పనిసరి అంటుంది. సొంత మాటల్లో చెప్పినప్పుడు ఐచ్ఛికం. అయినా నోట్లో ఉన్న ప్రతి పేజీ అంకెనూ ఉంచాం. చరిత్ర వ్యాసంలో అంకె తీసేస్తే ఆధారం తనిఖీ చేయడం కష్టమవుతుంది, ఒకసారి పోయాక మళ్లీ వెతికి పెట్టడం ఇంకా కష్టం.

గుదిగుచ్చిన నోట్లు

ఎక్కువ ఆలోచన ఇక్కడ పడింది. వ్యాసంలోని ఒక వాక్యం దాదాపు ఇలా ఉంది:

"సభ్యుల సంఖ్య పెరుగుతున్న ఏళ్లలోనే చందా బకాయిలు కూడా పెరిగాయి, అయినా సంఘం ఎవరినీ తొలగించలేదు."

వాక్యం చివర ఒకే ఫుట్‌నోట్. అందులో మొదట సంఘం మినిట్స్ పుస్తకం, తర్వాత "సభ్యత్వ లెక్కలకు క, 1974, పు. 88 చూడండి", ఆపైన "దీనికి భిన్నమైన అభిప్రాయానికి గ, 1991, పు. 12–15". ఫుట్‌నోట్లో ఇది స్పష్టంగానే ఉంది. ఏ ఆధారం ఎందుకో నోటు మాటల్లో చెబుతోంది. రచయిత్రి మొదటి ప్రయత్నంలో ఇది ఇలా మారింది: (క, 1974; గ, 1991; సంఘం, 1868–1874). ఇప్పుడు గ కూడా ఈ వాక్యాన్ని సమర్థిస్తున్నట్టుంది. నిజానికి ఆయన దీన్ని ఖండించారు. పైగా ఏపీఏలో ఒకే బ్రాకెట్లోని పేర్లు అక్షర క్రమంలో ఉండాలి, కాబట్టి ముఖ్యమైన ఆధారాన్ని ముందు పెట్టి చెప్పే వీలూ పోయింది.

మార్చాక వాక్యం ఇలా వచ్చింది: "సభ్యుల సంఖ్య పెరుగుతున్న ఏళ్లలోనే (క, 1974, పు. 88) చందా బకాయిలు కూడా పెరిగాయి, అయినా సంఘం ఎవరినీ తొలగించలేదు (సంఘం, 1868–1874, ఫోలియో 34). బకాయిదార్లను నెమ్మదిగా వదిలించుకున్నారని గ (1991, పు. 12–15) వాదించారు గానీ, ఆయన చూసింది తర్వాతి దశాబ్దపు రికార్డులు." ప్రతి బ్రాకెట్ తాను మోస్తున్న మాట పక్కనే ఉంది. నోటులో దాక్కున్న విభేదం వాక్యంగా బయటికొచ్చింది. గ చూసిన రికార్డులు ఏ కాలానివో చెప్పే చివరి ముక్క అసలు వ్యాసంలో లేదు. ఆయన పేరు వాక్యంలోకి రాగానే "ఎందుకు ఒప్పుకోవడం లేదు" అన్న ప్రశ్న వచ్చి అది రాయాల్సి వచ్చింది.

ఇరవై మూడు నోట్లనూ ఒకే ప్రశ్నతో చూశాం: ఈ ఆధారం లేకపోతే వాక్యంలోని ఏ ముక్క కూలిపోతుంది? ఏదీ కూలకపోతే, అది చదివినట్టు చూపించడానికి పెట్టిందన్నమాట. హ్యుమానిటీస్ నోట్లలో ఇలా ఒక విషయం మీది సాహిత్యాన్నంతా పేర్చడం మర్యాదే, దాన్ని తప్పు పట్టలేం. కానీ ఇక్కడ ప్రతి పేరుకూ జాబితాలో పాతిక పదాలు ఖర్చు. ఈ ఒక్క వడపోతతో జాబితా 96 నుంచి 70కి, పదాల్లో 2,600 నుంచి 1,850కి తగ్గింది. "ఇంకా చూడండి" అని ఉంచదగినవి కొన్ని మిగిలాయి. ముఖ్య ఆధారం ముందు రాసి, సెమీకోలన్ పెట్టి, "ఇంకా చూడండి" అని తక్కినవి చేర్చడాన్ని ఏపీఏ ఒప్పుకుంటుంది. ఒకే బ్రాకెట్లో అక్షర క్రమం నిబంధనలోంచి బయటపడే న్యాయమైన దారి ఇది.

ఆర్కైవ్ పత్రాలు

21 నోట్లలో సుమారు నలభై ఉత్తరాలు, మినిట్స్ పుస్తకాలు, పేరు లేని వార్తలు ఉన్నాయి. ఉత్తరానికొక ఎంట్రీ వేస్తే జాబితా మళ్లీ ఉబ్బుతుంది. ఏపీఏలో దీనికి మార్గం ఉంది. ఒకే సేకరణలోని ఉత్తరాల్ని చాలా వాడినప్పుడు, సేకరణ మొత్తాన్ని ఒక ఎంట్రీగా, మొదటి ఉత్తరం నుంచి చివరి ఉత్తరం దాకా సంవత్సరాలతో ఇవ్వొచ్చు. ఏ ఉత్తరమో బ్రాకెట్లోనే చెప్పాలి: ఎవరు, ఎవరికి, ఏ తేదీన. అంటే (కార్యదర్శి, 1866–1879, కోశాధికారికి ఉత్తరం, 1871 మార్చి 4) అన్నట్టు. బ్రాకెట్ పొడవు పెరుగుతుంది. కానీ ఉత్తరం తేదీ వాదనలో భాగమైనప్పుడు ఆ పొడవు వృథా కాదు. పెట్టె సంఖ్య, ఫైలు సంఖ్య, ఆర్కైవ్ పేరు జాబితాలో ఉంటాయి.

పేరు లేని వార్తల్లో ఇంకో చిక్కు వచ్చింది. రచయిత లేనప్పుడు శీర్షిక రచయిత స్థానంలోకి వస్తుంది. "వార్షిక సభ" అన్న శీర్షికతోనే ఒకే ఏడాది మూడు వార్తలున్నాయి. వాటికి 1871ఎ, 1871బి, 1871సి అని పెట్టాలి. ఈ అక్షరాలు మాత్రం అన్నీ అయ్యాక, జాబితా ఖరారయ్యాకే వేశాం. ముందే వేస్తే ఒక ఆధారం తీసేసినప్పుడల్లా వ్యాసమంతా తిరిగి దిద్దాలి.

సంవత్సరం తెచ్చే తప్పు అర్థం

ఫుట్‌నోట్లో సంవత్సరం ఒక మూలన ఉంటుంది, చదివేవాళ్ల కన్ను దాని మీద పడదు. బ్రాకెట్లో అది రచయిత పేరు పక్కనే నిలబడుతుంది. పెట్టుబడిదారీ స్ఫూర్తి మీద మాక్స్ వెబర్ పుస్తకాన్ని రచయిత్రి 1958 ఇంగ్లిష్ ముద్రణ నుంచి వాడారు. నోట్లో అది మామూలుగానే ఉంది. వ్యాసంలోకి (వెబర్, 1958) అని వచ్చాక, 1920లోనే చనిపోయిన మనిషి 1930ల పరిశోధకులకు జవాబు చెబుతున్నట్టు తయారైంది.

ఏపీఏలో అనువాదాలకు, పునర్ముద్రణలకు రెండు సంవత్సరాలూ ఇస్తారు: (వెబర్, 1905/1958, పు. 181). ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, పేజీ అంకె రెండో సంవత్సరానికి చెందుతుంది. వేరే అనువాదం నుంచి పేజీ తెచ్చి దీని పక్కన పెడితే ఎవరికీ దొరకదు. మొదటి సంవత్సరం విషయంలో కాస్త ఆలోచించాం. వెబర్ ఈ వ్యాసాల్ని 1904–05లో ప్రచురించి, 1920లో సవరించారు. టాల్కట్ పార్సన్స్ 1930లో అనువదించింది ఆ సవరించిన పాఠాన్ని. కచ్చితంగా చెప్పాలంటే 1920/1958 సరైనదన్న వాదనకు బలముంది. కానీ ఉటంకించిన భాగం 1905 నాటి వాదనగానే చర్చలోకి వస్తోంది కాబట్టి 1905 ఉంచాం. సవరణల మీదే వాదన నిలబడి ఉంటే ఈ నిర్ణయం తప్పయ్యేది.

వ్యాఖ్యలున్న పద్నాలుగు నోట్లు

వీటిని ఒక్కొక్కటీ చదివి, ఇది ఎవరికోసం రాసిందని అడిగాం. నాలుగు నోట్లు ఆర్కైవ్‌లోని లోపాల గురించి: ఏ ఏళ్ల మినిట్స్ పోయాయి, చేతిరాత ఎక్కడ మారింది, లెక్కల పుస్తకం ఎందుకు నమ్మదగినది. చరిత్ర పత్రికలో ఇవి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాయి. సామాజిక శాస్త్ర సమీక్షకులు మాత్రం వీటిని డేటా గురించిన భాగంలో వెతుకుతారు. అక్కడ కనిపించకపోతే డేటా గురించి చెప్పలేదనే రాస్తారు. నాలుగింటినీ కలిపి 220 పదాల పేరాగా చేసి "ఆధారాలు" అన్న ఉపశీర్షిక కింద పెట్టాం. వ్యాసంలో నిజంగా మెరుగుపడిన చోటు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

మూడు నోట్లు ప్రధాన వాదనకు అవసరమైన మినహాయింపులు; వాటిని 140 పదాలకు కుదించి పేరాల్లోకి తెచ్చాం. ఐదు ఆసక్తికరమైనవే గానీ ఈ వ్యాసానికి చెందవు. రచయిత్రికి వాటిని వదులుకోవడం కష్టమైంది, అందులో న్యాయముంది. విడి ఫైలులో దాచి, ఇంకో వ్యాసానికి అట్టిపెట్టుకున్నారు. రెండింటిని ఫుట్‌నోట్లుగానే ఉంచాం. ఒకటి అప్పటి నాణేల మార్పిడి ఎలా లెక్కగట్టారో చెప్పేది, ఇంకొకటి రెండు సంఘాల పేర్లు ఒకేలా ఉండటం వల్ల వచ్చే అయోమయం తీర్చేది. పేరాలో పెడితే వాదన తెగుతుంది, తీసేస్తే పాఠకుడు పొరబడతాడు. నోటుకు ఒక్క విషయమే ఉండాలన్న ఏపీఏ నియమానికీ ఇవి సరిపోయాయి.

చివరి తనిఖీ

వర్డ్‌లో `[[F` అని వెతికితే ఏదీ దొరక్కూడదు. `^f` అని వెతికితే రెండే ఫుట్‌నోట్లు రావాలి. తర్వాత వైల్డ్‌కార్డ్స్ ఆన్ చేసి `\(*\)` వెతికి బ్రాకెట్లన్నీ ఒక జాబితాలోకి తెచ్చి, అక్షర క్రమంలో పేర్చి, ఆధారాల జాబితాతో రెండు వైపుల నుంచీ పోల్చాం. వాక్యంలో ఉండి జాబితాలో లేనివి రెండు దొరికాయి. జాబితాలో ఉండి వాక్యంలో లేనివి అంతకంటే ఎక్కువ. పేరా కుదించినప్పుడు బ్రాకెట్ పోయి, ఎంట్రీ మిగిలిపోయిన సందర్భాలవి. పేరు వాక్యంలో, సంవత్సరం మాత్రం బ్రాకెట్లో ఉన్నవి ఈ వెతుకులాటలో ఉత్త సంవత్సరంగానే వస్తాయి. వాటిని వాక్యం దగ్గరికెళ్లి చూడాలి.

బ్రాకెట్లతో, నోట్లతో, జాబితాతో కలిపి వ్యాసం 10,950 పదాలకు వచ్చింది. జర్నల్ డెస్క్ ఫార్మాట్ కారణంగా వెనక్కి పంపలేదు. సమీక్షకుల్లో ఒకరు, గ వాదనతో విభేదించిన వాక్యం దగ్గరే ఇంకాస్త వివరణ అడిగారు. ఫుట్‌నోట్లో ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఈ పద్ధతి అన్ని వ్యాసాలకూ సరిపడదు. మూల భాషలోని పాఠం నోట్లో, దాని అనువాదం పైన ఉండే వ్యాసాల్లో ఆ పాఠాన్ని బ్రాకెట్లోకి కుదించలేం, తీసేస్తే అనువాదాన్ని పరీక్షించే దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు మార్చడం మొదలుపెట్టకముందే మూల పాఠాల్ని అనుబంధంగా తీసుకుంటారా, వాటిని పదాల పరిమితిలో లెక్కిస్తారా అని ఎడిటర్‌ను రాతపూర్వకంగా అడగాలి. ఆ జవాబును బట్టి ఎన్ని నోట్లు మార్చాలో, అసలు ఆ జర్నల్‌కు పంపాలో వద్దో తేలుతుంది.